చేయి ఆనించకుండా లేవగలరా?

ఫిట్‌నెస్ ట్రైనర్ల ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు నాలుగైదు వరుసగా తిరగేస్తే ఒక పోస్టు తప్పకుండా తగులుతుంది. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద పసుపు అక్షరాలతో ‘మీ ఫిట్‌నెస్ గోల్ ఏమిటి? కామెంట్లలో చెప్పండి!’ అని ఉంటుంది. కింద నిప్పు బొమ్మలు కొన్ని ఉంటాయి, వాటిని పెట్టింది తోటి ట్రైనర్లే. ‘సూపర్ అన్నా’ అని ఇద్దరు రాస్తారు. ప్రోటీన్ పౌడర్ అమ్మే ఖాతా ఒకటి వచ్చి ‘మాకు మెసేజ్ చేయండి’ అంటుంది. గోల్ చెప్పినవాళ్లు మాత్రం కనిపించరు.

వారానికొక ప్రశ్న పెట్టి ఫాలోవర్లను మాట్లాడించాలన్నది సోషల్ మీడియా పాఠాల్లో మొదట చెప్పే మాటే. దుకాణాల వాళ్లూ, వంటల ఛానెళ్ల వాళ్లూ అదే చేస్తారు. ట్రైనర్ల దగ్గరికి వచ్చేసరికే అది ఎక్కువసార్లు తేలిపోతుంది. దానికి కారణం ఫాలోవర్ల బద్ధకం కాదు, ప్రశ్నే. ‘మీ గోల్ ఏమిటి’ అంటే ‘మీ ఒంట్లో మీకు నచ్చనిదేమిటో అందరి ముందూ చెప్పండి’ అని అడిగినట్టు. పొట్ట తగ్గాలని ఉన్న మనిషి ఆ మాట తన ఖాతా పేరుతో, ఫొటోతో, ఆఫీసులో పక్క సీటు వాళ్లూ మేనత్తగారి కోడలూ చూసే చోట రాయదు. మనసులో అనుకుని పైకి జరిపేస్తుంది. ‘ఇప్పుడు మీ బరువెంత?’ అన్న ప్రశ్నకు పట్టే గతి ఇంకా అన్యాయం. అక్కడ జవాబిచ్చేది బరువు గురించి బెంగలేని కుర్రాళ్లు మాత్రమే.

కొన్ని ప్రశ్నలు పరీక్ష పేపర్లలా ఉండి చచ్చిపోతాయి. ‘స్క్వాట్ చేసేటప్పుడు ఏ కండరాలు పనిచేస్తాయి?’ తెలిసినవాడికి చెప్పాలన్న ఆసక్తి ఉండదు, తెలియనివాడికి తప్పు చెబుతానేమోనని భయం. ‘మీరు రోజుకు ఎన్ని గ్రాముల ప్రోటీన్ తింటారు?’ అన్నదీ ఆ బాపతే. లెక్క కట్టి తినేవాళ్లు మనలో ఎంతమంది? జవాబు వెతుక్కోవాల్సి వచ్చిన మరుక్షణం వేలు ఫోన్ తెరను పైకి తోసేస్తుంది.

అదే సంగతిని ‘ఈ ఉదయం టిఫిన్ ఏం తిన్నారు? ఉన్నది ఉన్నట్టు చెప్పండి’ అని అడిగి చూడండి. మూడు ఇడ్లీలు, నిన్నటి చపాతీ టీలో ముంచుకుని, పెసరట్టు ఉప్మా, ఏమీ తినలేదు, పెరుగన్నం మిరపకాయతో... ఇవన్నీ నోట్లో ఉన్న జవాబులు. ఆలోచించక్కర్లేదు, సిగ్గుపడక్కర్లేదు, అయిదు సెకన్లలో రాసేయొచ్చు. ఇక్కడ ‘మామూలుగా’ అని కాకుండా ‘ఈ ఉదయం’ అనడంలోనే కిటుకుంది. మామూలుగా ఏం తింటారంటే మనిషి తనను తాను కాస్త మెరుగ్గా చూపించుకుంటాడు, లేదా ‘ఒక్కో రోజు ఒక్కోలా’ అని వదిలేస్తాడు. ఈ ఉదయం సంగతైతే తిన్నదొక్కటే ఉంటుంది.

ట్రైనర్‌కు కావలసిన ప్రోటీన్ సమాచారమంతా ఆ జవాబుల్లోనే దొరుకుతుంది. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. అరవై కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. మూడు ఇడ్లీలు చట్నీతో తింటే వచ్చేది మహా అయితే ఆరేడు గ్రాములు. ఒక ఉడికించిన గుడ్డులో సుమారు ఆరు. కాబట్టి ఇడ్లీ అని రాసినవారికి ‘బావుంది అక్కా, పక్కన ఒక గుడ్డు పెట్టుకుంటే ప్రోటీన్ రెట్టింపవుతుంది, గుడ్డు తినకపోతే సాంబారులో పప్పు పెంచండి’ అని చెబితే అది ఆమె ప్లేటు చూసి చెప్పిన మాట. పదిమందికి పది రకాలుగా ఇలా జవాబిస్తే ఆ కామెంట్లు చదవడానికే మిగతావాళ్లు ఆగుతారు.

మరి ఇదంతా అల్గారిథమ్ కోసమేనా? అలా అనుకుని మొదలుపెడితే నిరాశే మిగులుతుంది. ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో ఏ పోస్టు ఎంతమందికి చేరాలన్నది తేల్చడంలో ముఖ్యమైనవి మూడని చెప్పాడు. ఎంతసేపు చూశారు, ఎంతమంది లైక్ చేశారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు. ఆ మూడింటిలో కామెంట్ లేదు. కామెంట్లను అసలు లెక్కలోకి తీసుకోరని కాదు. అయితే కామెంట్ల సంఖ్య పెంచితే ఖాతా ఎగిరిపోతుందని కోర్సులు అమ్మేవాళ్లు చెప్పేది నమ్మదగింది కాదు. ఫేస్‌బుక్ అయితే 2017 డిసెంబరులోనే లైకులూ ట్యాగులూ కామెంట్లూ అడుక్కునే పోస్టులను వెనక్కి నెడతామని ప్రకటించింది. ‘ఇడ్లీ అయితే లైక్, దోసె అయితే హార్ట్’, ‘జిమ్ ఎగ్గొట్టే ముగ్గురు ఫ్రెండ్స్‌ను ట్యాగ్ చేయండి’ లాంటివి ఆ కోవలోవే.

‘డైట్ అని కామెంట్ చేయండి, ప్లాన్ పంపిస్తా’ అన్న పోస్టుల సంగతి వేరు. దాని కింద నాలుగు వందల కామెంట్లు ఉండొచ్చు. అన్నీ ఒకే మాట. ఆ మాట పడగానే ముందే పెట్టుకున్న సందేశం తనంతట తాను వెళ్లిపోతుంది. గిరాకీ పట్టడానికి అది పనికొస్తుందేమో కానీ, ఆ నాలుగు వందల మందిలో ఏ ఒక్కరి గురించీ ట్రైనర్‌కు కొత్తగా తెలిసేదేమీ లేదు. వారం వారం ప్రశ్న పెట్టడం వల్ల అసలు లాభం ఆ తెలియడమే అని నా నమ్మకం. వచ్చే జవాబును బట్టి వచ్చే వారం ట్రైనర్ చెప్పేది మారకపోతే ఆ ప్రశ్న అడగాల్సిన పనే లేదు.

ఒక్క ప్రశ్నను పుట్టుక నుంచి చివరిదాకా చూద్దాం. విజయవాడలో చిన్న జిమ్ నడిపే ట్రైనర్ ఒకరున్నారనుకుందాం. ఫాలోవర్లు మూడు వేలు. ముప్పై నుంచి యాభై ఏళ్ల వారే ఎక్కువ, సగానికి సగం ఆడవాళ్లు. ఈ వారం ఆయన అడగబోయేది: ‘నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోండి. చేయి గానీ మోకాలు గానీ ఆనించకుండా లేవగలరా?’

ఈ ప్రశ్న గాలిలోంచి పుట్టింది కాదు. బ్రెజిల్‌కు చెందిన వైద్యుడు క్లాడియో జిల్ అరాజో బృందం వాడిన పరీక్ష ఇది. కూర్చోవడానికి అయిదు మార్కులు, లేవడానికి అయిదు. చేయి, మోకాలు, మోచేయి, ఏది ఆనించినా ఒక మార్కు పోతుంది. తూలితే అర మార్కు. 51 నుంచి 80 ఏళ్ల మధ్య ఉన్న 2,002 మందికి ఈ పరీక్ష పెట్టి కొన్నేళ్లు గమనిస్తే, తక్కువ మార్కులు వచ్చినవారిలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. ఆ ఫలితాలు 2012లో వెలువడ్డాయి. కాళ్ల బలం, తుంటి కదలిక, నిలదొక్కుకోవడం, శరీర బరువు, ఈ నాలుగింటినీ ఒకేసారి బయటపెట్టే పరీక్ష కాబట్టి అలా జరిగి ఉంటుంది. అంతమాత్రాన ‘చేయి ఆనిస్తే ఆయుష్షు తగ్గినట్టే’ అని పోస్టు పెట్టడం దుర్మార్గం. మోకాలు అరిగిన మనిషికి మార్కులు తగ్గుతాయి, దాన్ని చావుతో ముడిపెట్టి భయపెడితే ఆమె మళ్లీ ఆ ఖాతా వైపు రాదు. కొన్ని ఖాతాలు సరిగ్గా ఆ పనే చేశాయి.

ప్రశ్నగా మాత్రం ఇది మన వాళ్లకు చక్కగా సరిపోతుంది. పూజలో, వ్రతంలో, పంక్తి భోజనంలో నేల మీద కూర్చోవడం ఇంకా పోలేదు, లేవడంలో ఇబ్బంది మాత్రం మొదలైంది. ఇంట్లో అప్పటికప్పుడు చేసి చూసుకోవచ్చు. జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది, కానీ చాలామంది అక్కడ ఆగరు. ‘నేను లేవలేకపోయాను, మా అమ్మ అరవై రెండేళ్లకు లేచింది’ అని రాయకుండా ఉండలేరు. ఓడిపోయినా నవ్వుకుంటూ చెప్పుకోగలిగిన ఓటమి ఇది. బరువు ప్రశ్నకూ దీనికీ తేడా అక్కడే ఉంది.

రాసేటప్పుడు ప్రశ్న మొదటి వాక్యంలోనే ఉండాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో కింద రాసిన దానిలో మొదటి ఒకటి రెండు వరుసలే కనిపిస్తాయి, మిగతాది నొక్కి తెరవాలి. ‘హాయ్ ఫ్రెండ్స్, అందరికీ శుభోదయం, ఈ వారం మనం’ అని మొదలుపెడితే ప్రశ్న లోపలే ఉండిపోతుంది. ఇంకో మాట: ఒక పోస్టుకు ఒకే ప్రశ్న. ‘లేవగలరా? లేవలేకపోతే ఎందుకు? మీ వయసెంత? వారానికి ఎన్ని రోజులు వ్యాయామం చేస్తారు?’ అని గుక్క తిప్పుకోకుండా అడిగితే మొదటిదానికి కూడా జవాబు రాదు. చివర జాగ్రత్త ఒకటి తప్పకుండా ఉండాలి. మోకాలి ఆపరేషన్ అయినవారు, తల తిరిగే సమస్య ఉన్నవారు, గర్భిణులు దీన్ని ప్రయత్నించవద్దు. మిగతావారు పక్కన ఒక కుర్చీ పెట్టుకోండి.

ఎప్పుడు పెట్టాలన్నదానికి బయట రకరకాల లెక్కలు చెబుతారు. ట్రైనర్‌కు వర్తించే లెక్క ఒక్కటే: పెట్టాక గంటసేపు ఫోన్ దగ్గర కూర్చోగలగాలి. జిమ్ ట్రైనర్‌కు ఉదయం అయిదున్నర నుంచి తొమ్మిది వరకు, సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది వరకు ఊపిరాడదు. ఫాలోవర్లు ఎక్కువగా ఫోన్ చూసేది సాయంత్రం ఏడింటికని గణాంకాలు చెప్పాయని అప్పుడు పోస్టు పెట్టి, డంబెల్స్ మధ్య తిరుగుతూ ఉంటే మొదటి కామెంట్లకు రాత్రి పదింటికి గానీ జవాబు వెళ్లదు. ఆపాటికి రాసినవాళ్లు మరిచిపోయి ఉంటారు. చాలా జిమ్‌లకు ఆదివారం సాయంత్రం సెలవు. మన ట్రైనర్ ఆదివారం రాత్రి తొమ్మిదింటిని ఎంచుకున్నారు. వేసవిలో అప్పటికి డల్లాస్‌లో అదే ఆదివారం ఉదయం పదిన్నర. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు టిఫిన్ చేసి ఫోన్ పట్టుకునే వేళ.

మొదటి కామెంట్ ఆయనదే. ‘నేను ఒక చేయి ఆనించాను. పదేళ్ల క్రితం ఎడమ మడమ బెణికింది, అది ఇంకా పూర్తిగా వంగదు.’ దాన్ని పైన పిన్ చేశారు. ట్రైనరే చేయి ఆనించానని చెప్పాక మిగతావాళ్లకు నోరు తెరవడం తేలికవుతుంది. ఇది కల్పించి రాయకూడదు, జిమ్‌కు వచ్చేవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

రాత్రి పదకొండుకల్లా కామెంట్ల సంఖ్య నలభై ఆరు అని చూపించింది. ఇక్కడ చాలామంది మోసపోతారు. ఆ అంకెలో ట్రైనర్ ఇచ్చిన జవాబులు కూడా కలిసి ఉంటాయి. ఆయనవి ఇరవై. మిగిలిన ఇరవై ఆరులో నాలుగు బొమ్మలు. ఇద్దరు తోటి ట్రైనర్లు. అసలు మనుషులు అసలు జవాబు రాసినవి ఇరవై. మూడు వేల మందిలో ఇరవయ్యేనా అనిపిస్తుంది. కానీ ఆ ఇరవైలో తొమ్మిది మంది ఇంతకుముందు ఎన్నడూ ఆ ఖాతాలో రాయనివాళ్లు. వారం వారం చూసుకోవలసిన అంకె అదే. ఎప్పుడూ రాసే ఆరుగురే మళ్లీ రాస్తుంటే కామెంట్లు అరవై ఉన్నా ప్రశ్న పారనట్టే లెక్క.

జవాబులివ్వడం అడగడం కన్నా కష్టం. ‘వావ్ సూపర్’, ‘కీపిట్ అప్’ అని అందరికీ అతికిస్తే సంభాషణ అక్కడితో తెగిపోతుంది. ‘రెండు చేతులూ ఆనించాను బ్రో’ అన్నవాడిని ‘కూర్చునేటప్పుడా, లేచేటప్పుడా?’ అని తిరిగి అడిగితే అతను మళ్లీ కూర్చుని చూసుకుని వస్తాడు. ఆ రెంటికీ తేడా ఉంది. లేచేటప్పుడు ఆనిస్తే సాధారణంగా తొడల బలం చాలలేదని, దిగేటప్పుడు దబ్బున కూలబడితే బరువును ఆపుతూ మెల్లగా దిగే శక్తి లేదని ట్రైనర్ అనుమానించవచ్చు. రెండోదానికి సాధన వేరు. ‘మా అమ్మ లేచింది’ అని రాసినామెను ‘అమ్మగారు ఏ పని చేసేవారు?’ అని అడగాలి. ‘పొలం పని’ అని జవాబొస్తే దాని కింద మరో నలుగురు తమ అమ్మల గురించి రాస్తారు, ట్రైనర్ ప్రమేయం లేకుండానే.

అదే కామెంట్లలో ప్రమాదాలూ వస్తాయి. ‘రెండేళ్లుగా మోకాలి నొప్పి, ఏ ఎక్సర్‌సైజ్ చేయాలి?’ అని ఒకరు రాశారు. కనిపించని మోకాలికి కామెంట్‌లో వ్యాయామం రాసివ్వడం ట్రైనర్ చేయకూడని పని. ‘రెండేళ్లంటే ఒకసారి ఎముకల డాక్టర్‌కు చూపించండి, ఆయన ఏమన్నారో చెబితే దాన్ని బట్టి ఏం చేయొచ్చో చూద్దాం’ అనడం వరకే. ‘లేవగానే గుండె దడ, కళ్లు తిరిగాయి’ అని రాసినవారిని వెంటనే ఆపమని చెప్పి, డాక్టర్ దగ్గరికి వెళ్లమని చెప్పాలి, విడిగా సందేశం పంపి వెళ్లారో లేదో కనుక్కోవాలి. మధ్యలో ఎవరో దూరి ‘రోజూ వంద గుంజీలు తీయండి, నొప్పి అదే పోతుంది’ అంటారు. ఆ సలహాను అలాగే ఉంచితే ట్రైనర్ ఒప్పుకున్నట్టే అవుతుంది. అది ఎందుకు పొరపాటో కిందనే మర్యాదగా రాయాలి. ఎవరి ఒంటి మీదనైనా జోకేసిన కామెంట్‌ను మాత్రం వాదించకుండా తీసేయడమే మేలు. ఒక్క వెక్కిరింత నిలిచిపోతే ఆ వారం నుంచి ఆడవాళ్లు రాయడం మానేస్తారు. ఆ సంగతి ఎవరూ చెప్పరు కూడా.

ఆడవాళ్లు తక్కువ రాయడానికి ఇంకో కారణం ఇంటివాళ్లు చూస్తారన్న మొహమాటం. అందుకే నలుగురిలో అడగదగ్గ ప్రశ్నలను, అడగకూడనివాటిని వేరు చేసుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలలో 2018 నుంచి ప్రశ్నల స్టిక్కర్ ఉంది. అందులో రాసిన జవాబు ఖాతా యజమానికి తప్ప ఇంకెవరికీ కనిపించదు. దాన్ని ట్రైనర్ తిరిగి పంచుకున్నా రాసినవారి పేరు రాదు. బరువు, ప్రసవం తర్వాత పొట్ట, నెలసరి రోజుల్లో వ్యాయామం, జిమ్‌లో ఎదురయ్యే చూపులు, ఇవన్నీ స్టిక్కర్‌లో అడగాల్సినవి. టిఫిన్లు, మెట్లు, నేల మీంచి లేవడాలు పోస్టులో. ఈ రెండూ తారుమారు చేయడం వల్లే చాలా ఖాతాల్లో మౌనం పేరుకుంటుంది.

మర్నాడు మన ట్రైనర్ ఆ ఇరవై జవాబులనూ కాగితం మీద రాసుకున్నారు. పదకొండు మంది లేచేటప్పుడు మోకాలి మీద చేయి వేసుకున్నారు. నలుగురు ఏ ఆసరా లేకుండా లేచారు. ముగ్గురు అసలు నేల మీద కూర్చోలేమన్నారు. ఇద్దరు రెండు చేతులూ ఆనించారు. బుధవారం వీడియో ఆ పదకొండు మంది కోసమే. భోజనాల బల్ల కుర్చీ మీంచి చేతులు కట్టుకుని ఎనిమిది సార్లు లేచి కూర్చోవడం, రోజు విడిచి రోజు. రెండు వారాలు అది తేలిగ్గా వచ్చాక ఎత్తు తగ్గించి దివాన్, ఆ తర్వాత ముక్కాలి పీట, చివరికి నేల. దిగేటప్పుడు మనసులో నాలుగు అంకెలు లెక్కపెడుతూ దిగాలి. వీడియో మొదట్లోనే ‘ఆదివారం మీలో సగం మంది మోకాలి మీద చేయి వేశామన్నారు’ అన్నారు. తమ జవాబు ఎక్కడికి వెళ్లిందో రాసినవాళ్లకు కనిపించింది. వచ్చే ఆదివారం వాళ్లు మళ్లీ రాయడానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. ఆ వీడియోను మోకాళ్ల బాధ ఉన్న తల్లిదండ్రులకు పంపేవారూ ఉంటారు. మొస్సేరి చెప్పిన ‘పంపడం’ అక్కడ జరుగుతుంది, ప్రశ్న పోస్టులో కాదు.

ప్రతి వారం కొత్త ప్రశ్న ఎక్కడి నుంచి తేవాలన్నది రెండో నెల నుంచి పట్టుకునే బెంగ. నిజానికి మన క్యాలెండరే చాలా ఇస్తుంది. కార్తీకంలో ఉపవాసాలు, సంక్రాంతికి అరిసెలు, రంజాన్‌లో ఇఫ్తార్ తర్వాత నడక, మే నెలలో ఎండ. నవంబరు నుంచి జిమ్‌లలో సగం మంది మాయమయ్యే కాలం ఒకటుంది, అయ్యప్ప మాల. నలభై ఒక్క రోజులు శాకాహారం, చాలామందికి ఒక పూటే భిక్ష, కాళ్లకు చెప్పులు ఉండవు, తెల్లవారుజామునే చన్నీళ్ల స్నానం. ‘మాల వేసుకున్న స్వాములు వ్యాయామం ఆపేశారా, తగ్గించారా, అలాగే చేస్తున్నారా?’ అని అడిగితే జవాబులు వెల్లువలా వస్తాయి. ఒకరు ఆపేశామంటారు, ఇంకొకరు శబరిమల కొండ ఎక్కాలి కాబట్టి నడక పెంచామంటారు. జవాబిచ్చేటప్పుడు ఎవరినీ ‘బ్రో’ అనకూడదు, ప్రతి ఒక్కరూ ‘స్వామి’యే. ఒక పూట భోజనంతో బరువులెత్తవద్దని, భిక్షలో పప్పూ పెరుగూ పెంచుకోమని, పంబ నుంచి ఎక్కేందుకు ఇప్పటి నుంచే మెట్లు సాధన చేయమని చెప్పడానికి అంతకు మించిన సందర్భం దొరకదు. బయటి నుంచి అరువు తెచ్చుకున్న ‘మండే మోటివేషన్’ ప్రశ్నలు రాసేవాళ్లకు ఇది తట్టదు.

ఏ జవాబూ రాని వారాలు కూడా ఉంటాయి. అప్పుడు స్నేహితులకు ఫోన్ చేసి కామెంట్లు పెట్టించడం, గంటలో పోస్టు తీసేసి మళ్లీ పెట్టడం రెండూ దండగ. సోమవారం ఉదయం జిమ్‌లో వార్మప్ చేయిస్తూ అదే ప్రశ్నను నోటితో అడిగితే జబ్బు తెలిసిపోతుంది. ‘అంటే ఏంటి సార్?’ అని ఎదురు ప్రశ్న వస్తే అడిగిన తీరు అర్థం కాలేదని. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వి ఊరుకుంటే ఆ ప్రశ్న స్టిక్కర్‌లోకి వెళ్లాల్సిందని. గలగలా మాట్లాడితే ప్రశ్నలో తప్పు లేదు, పెట్టిన వేళ కుదరలేదు, మూడు వారాలాగి మరో వేళలో పెట్టుకోవచ్చు. ఊళ్లో పెళ్లి ఉండి ఆదివారం రాత్రి ఫోన్ ముట్టుకునే వీలు లేదని ముందే తెలిస్తే ఆ వారం ప్రశ్న పెట్టకుండా వదిలేయడమే నయం.